వంతెన కనిపిస్తే దాటిపోయినట్టే

ముమ్మిడివరం సెంటర్లో బస్సు దిగి, ఆటో స్టాండు దగ్గరికెళ్ళి ఇంటి నంబరు రాసున్న కాగితం చూపించండి. డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా తిరిగిచ్చేసి, "ఎవరింటికండీ?" అంటాడు. అందులో అతని తప్పేమీ లేదు. మన ఊళ్ళలో ఇంటి నంబరు దారి చెప్పడానికి పుట్టలేదు, పన్ను వసూలు కోసం పుట్టింది. 3-45/2 అనుంటే మొదటి అంకె వార్డుదో బ్లాకుదో, రెండోది లెక్క రాసుకుంటూ పోయినప్పటి ఇంటి వరస. అడ్డగీత తరవాతది ఆనక స్థలం పంచుకున్న తమ్ముడు కట్టుకున్న ఇంటిది. 45 పక్కన 46 ఉంటే ఉండొచ్చు, లేకపోతే సందు అవతల తేలొచ్చు. 1972లో వచ్చిన పిన్ కోడు కూడా అంతే. 533216 అని రాస్తే ఉత్తరం పోస్టాఫీసు దాకా భద్రంగా వస్తుంది. అక్కణ్ణించి గడప దాకా దాన్ని చేర్చేది పోస్ట్‌మాన్ జ్ఞాపకమే.

కాబట్టి దారి నోటితో చెప్పాల్సిందే. చాలామంది ఇక్కడే తడబడతారు, ఎందుకంటే తమకు తెలిసిన చోటు నుంచి, అంటే తమ ఇంటి గుమ్మం నుంచి మొదలెడతారు. "మా ఇల్లు పచ్చగేటండి, ఎదురుగా వేపచెట్టు" అంటారు. పచ్చగేటు చివరి పదడుగులకు పనికొచ్చే గుర్తు. ఆటో ఇంకా హైవే మీదే ఉంది. దారి చెప్పడం అతనికి తెలిసిన చోట మొదలై, మనకు తెలిసిన చోట ముగియాలి.

ముమ్మిడివరంలో ఆ మొదలు దాదాపు ఎప్పుడూ 216 నంబరు జాతీయ రహదారే. సెంటర్లో నిలబడితే దానికి రెండే కొసలు. ఒకటి అమలాపురం వైపు, రెండోది మురమళ్ళ, ఎదుర్లంక మీదుగా యానాం వైపు. ఇక్కడ "తూర్పుకెళ్ళు, పడమరకెళ్ళు" అనకపోవడం మంచిది. పెద్దవాళ్ళకు దిక్కులు నోట్లో ఉంటాయి గానీ ఈ రోడ్డు దిక్కులకు లొంగదు. అమలాపురం ఇక్కణ్ణించి నైరుతి, యానాం ఈశాన్యం. ఒకరు తూర్పన్నదాన్ని ఇంకొకరు ఉత్తరం అనుకునే వీలుంది. అమలాపురం వైపా, యానాం వైపా అంటే పేచీయే లేదు. బస్సు బోర్డు చదవడం వచ్చినవాడికల్లా అర్థమవుతుంది.

గుర్తుగా ఎంత పేరున్నదాన్ని చెబితే అంత మేలనుకుంటాం. అందులోనూ ఒక మెలిక ఉంది. ఈ ప్రాంతంలో "బాలయోగి దగ్గర" అని ఊరుకుంటే డ్రైవరు రెండు చోట్ల గురించి ఆలోచించాలి. ఒకటి ముమ్మిడివరంలోనే ఉన్న బాలయోగీశ్వరుల ఆశ్రమం. శివరాత్రికి తీర్థం జరిగేది అక్కడే. రెండోది ఎదుర్లంక, యానాం మధ్య గౌతమి మీదున్న వారధి. 2002లో చనిపోయిన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. ఆయన కూడా ముమ్మిడివరం నుంచి శాసనసభకు గెలిచినవారే. ఒకటి ఊళ్ళో ఉంది, రెండోది పొలిమేర దాటి ఎంతో దూరాన ఉంది. ఆటో బేరమే మారిపోతుంది. అలాగే రామాలయం. కోనసీమలో రామాలయం లేని పేట అరుదు. "రామాలయం పక్కన" అంటే ఏమీ చెప్పనట్టే. ఏ పేట రామాలయమో, దేని తరవాత వచ్చే రామాలయమో చెబితేనే అది గుర్తవుతుంది.

ఊళ్ళోకి దిగాక అసలు వీధి కాలవే. డెల్టాలో వీధులకు పేర్లు లేకపోయినా జనం తప్పిపోకుండా ఉన్నారంటే కాలవల పుణ్యమే అని నా నమ్మకం. ఇళ్ళు గట్టు పొడుగునా వరసగా ఉంటాయి, సందులు గట్టు మీంచి కిందికి దిగుతాయి. రేవులూ తూములూ వంతెనలూ ఒకదాని తరవాత ఒకటి వస్తుంటాయి, వాటి వరస మారదు. కాలవకు మరో గుణం కూడా ఉంది. దాన్ని ఎక్కడపడితే అక్కడ దాటలేం. గట్టు తప్పితే మళ్ళీ వంతెన దాకా వెనక్కి రావాల్సిందే. ఇల్లు ఎదురుగా కనబడుతుంటుంది, వంటింట్లో పోపు వాసన కూడా వస్తుంటుంది, మధ్యలో మాత్రం నీళ్ళు. అందుకే కోనసీమలో దారి చెప్పేవాడు మొట్టమొదట తేల్చాల్సింది ఎడమా కుడా అని కాదు, ఏ గట్టు అని.

అదీ ఏ కాలవ గట్టో చెప్పాలి. పంట కాలవ, మురుగు కాలవ ఒకే పేటకు చెరో పక్కనా ఉండొచ్చు. కొత్తవాడికి రెండూ నీళ్ళే. తేడా పట్టడం కష్టమేమీ కాదు. పంట కాలవను మెరక మీదుగా తవ్వుతారు, నీళ్ళు చేల కన్నా ఎత్తున పారాలి కాబట్టి. గట్టు లేచి ఉంటుంది, చేలల్లోకి తూములుంటాయి, బట్టలుతికే రేవులుంటాయి. మురుగు కాలవ పల్లంలో ఉంటుంది, చేలల్లోని నీరే అందులోకి జారుతుంది. చాలాచోట్ల గుర్రపుడెక్క కమ్మేసి నీళ్ళు కనబడవు. పెద్దవాళ్ళు "ఎగువకెళ్ళండి, దిగువకెళ్ళండి" అంటారు. పారే నీళ్ళున్నప్పుడు దానంత తేలిక ఇంకొకటి లేదు. కానీ వేసవిలో కాలవలు కట్టేస్తారు. ఎండిన కాలవలో ఎగువేదో దిగువేదో ఊరివాడికి తెలుస్తుంది గానీ పక్క మండలం ఆటో డ్రైవరుకు తెలియదు.

ఊహకు ఒక ఇల్లు అనుకుందాం. హైవే మీద సెంటర్ నుంచి అమలాపురం వైపు వెళ్తే ఒక పంట కాలవ వంతెన వస్తుంది. వంతెన ఎక్కకముందే ఎడంపక్క గట్టు మీదికి రోడ్డు తిరుగుతుంది. ఆ గట్టు మీద అర కిలోమీటరు పోయాక కిందికి దిగే పేరు లేని సందులో ఇల్లు. ఇంటాయన మామూలుగా ఇలా చెబుతాడు: "హైవే మీంచి కాలవ గట్టెక్కి తిన్నగా వచ్చెయ్ బాబూ, మూడో సందు." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆటో రాదు. ఏ గట్టో చెప్పలేదు. మూడో సందంటే ఎవరి లెక్కన మూడోది? కొబ్బరి తోటలోకి పోయే పుంతను డ్రైవరు సందుగా లెక్కపెడతాడు, ఇంటాయన లెక్కపెట్టడు. రెండిళ్ళ మధ్య నడవా లాంటి దారి కూడా రాత్రిపూట సందులాగే కనిపిస్తుంది. సందులను లెక్కపెట్టమని చెప్పడం నాకు తెలిసి దారి చెప్పడంలో అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసే పద్ధతి.

అదే ఇంటికి వాళ్ళ పెద్దమ్మాయి ఫోనులో చెప్పిందనుకోండి:

"అన్నయ్యా, అమలాపురం వైపు రండి. కాలవ వంతెన వస్తుంది, అది ఎక్కకండి. ఇవతలే ఎడంచేతి వైపు గట్టు మీదికి తిరగండి. తిరిగాక కాలవ మీ కుడిచేతి వైపే ఉండాలండి."

"ఆయ్."

"ఎడంచేతికొచ్చిందంటే వంతెన దాటేశారన్నమాట. ఎదరకొస్తే మెట్ల రేవు, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మరు. అది దాటగానే ఎడంపక్క సందు దిగుతుంది. నడిచే వంతెన కనిపిస్తే దాటిపోయినట్టే, వెనక్కి తిప్పండి."

"ఎవరి తాలూకండీ?"

"మాస్టారిల్లండి. డ్రాయింగు మాస్టారు."

ఈ నాలుగు ముక్కల్లో పనితనమంతా ఉంది. కాలవ కుడిచేతి వైపుండాలన్న మాట డ్రైవరు ఆ అర కిలోమీటరూ తనను తాను సరిచూసుకోవడానికి. సందును లెక్కతో కాకుండా రెండు గుర్తుల మధ్య బిగించింది. ట్రాన్స్‌ఫార్మరు దాటాక, నడిచే వంతెన రాకముందు. రెండో గుర్తును చాలామంది వదిలేస్తారు. చేరాల్సిన చోటు గురించే చెబుతారు గానీ, తప్పితే ఏం కనబడుతుందో చెప్పరు. అది లేకపోతే దాటిపోయిన డ్రైవరు "ఇంకాస్త ఎదరేమో" అనుకుంటూ పక్క ఊరి దాకా పోతాడు. చివర్న మనిషి పేరు. సందు మొగలో ఎవరో ఒకరు అరుగు మీద ఉంటారు. వాళ్ళకు నంబరు అక్కర్లేదు, మాస్టారు చాలు. వెనకటికి ఈ పని కులం పేరుతో పిలిచే పేటలు చేసేవి. ఇప్పటికీ చేస్తాయి. వృత్తితోనో ఇంటిపేరుతోనో చెప్పగలిగినప్పుడు అలా చెప్పడమే నాకిష్టం.

గుర్తును ఎంచుకునేటప్పుడు డ్రైవరు సీట్లో కూర్చుని చూడాలి. ఆటో కప్పు కిందుగా ఉంటుంది. మంచినీళ్ళ ట్యాంకు దూరం నుంచి బాగా కనబడుతుంది, దగ్గరకొచ్చేసరికి కప్పు చాటున మాయమవుతుంది. కంటి ఎత్తులో ఉన్న కిళ్ళీకొట్టు దానికన్నా నయం. మళ్ళీ కిళ్ళీకొట్టు పొద్దుపోయాక మూసేస్తారు. కొబ్బరికాయల రాశి వ్యాపారి లారీ వచ్చేదాకానే. ఫ్లెక్సీని నమ్ముకోకూడదు, పుట్టినరోజు అయిపోతే అదీ పోతుంది.

చెట్లు నమ్మదగ్గవే అనుకునేవాళ్ళం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమలో కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. ఒక్క రాత్రిలో గుర్తులన్నీ పడిపోయినా మాటలు పడిపోవు. చెట్టు కూలాకా అది చెట్టు దగ్గరే, మూతపడ్డాకా అది సినిమా హాలు సెంటరే. ఇది మన ఒక్కరి అలవాటు కాదు. నికరాగ్వా రాజధాని మనాగ్వా 1972 డిసెంబరు భూకంపంలో కూలిపోయింది. అక్కడి జనం ఇప్పటికీ "ఫలానా భవనం ఉండిన చోటు నుంచి రెండు వీధులు సరస్సు వైపు" అని చిరునామా చెబుతారు. వాళ్ళకు సరస్సు వైపంటే ఉత్తరం. మన ఎగువ దిగువల్లాగే వాళ్ళూ నీళ్ళను పట్టుకునే దిక్కు చెప్పుకుంటున్నారు. పోయిన గుర్తుతో ఒక్కటే చిక్కు. అది ఆ వయసువాళ్ళకే కనబడుతుంది. పాతికేళ్ళ డ్రైవరుకు చెప్పేటప్పుడు ఇప్పుడు అక్కడ ఏముందో కూడా కలపాలి. "పాత హాలు దగ్గర, ఇప్పుడు కల్యాణ మండపం" అన్నట్టు.

లొకేషన్ పంపితే సరిపోదా అంటారు. చాలాసార్లు సరిపోతుంది. తపాలా శాఖ 2025లో డిజిపిన్ అని పది అక్షరాల సంకేతం తెచ్చింది. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడికీ ఒక సంకేతమిచ్చింది. ఇల్లు ఎక్కడుందో అవి కచ్చితంగా చెబుతాయి. ఆ గడిలోకి ఏ గట్టు మీంచి రావాలో ఆ పది అక్షరాల్లో ఉండదు. అందుకే లొకేషన్ పంపినా ఫోన్ మోగుతుంది. అప్పుడు "ఎక్కడున్నావు?" అని అడిగితే లాభం లేదు, తెలిస్తే ఫోనెందుకు చేస్తాడు? "నీకేం కనబడుతోంది, కాలవ ఏ చేతి వైపుంది?" అని అడగాలి.

ఇంత చెప్పించుకున్నాకా డ్రైవరు ఇంకో మాట అడుగుతాడు: "లోపల ఆటో తిరుగుద్దా అండీ?" ఆటో వెడల్పు అయిదడుగుల లోపే కాబట్టి ఏ సందులోనైనా దూరుతుంది. వెనక్కి తిరగడానికి మాత్రం ఇరవై అడుగుల జాగా కావాలి. లేదంటే రివర్సులో గట్టెక్కాలి, అవతల కాలవ. తిరగదని ముందే చెబితే సందు మొగలో దించుతాడు, బేరం కూడా అక్కడికే మాట్లాడుకుంటాడు. చెప్పకుండా లోపలికి తీసుకెళ్తే పైన ఇరవై రూపాయలు అడుగుతాడు. ఇవ్వాలి కూడా.