రిలేకు రెండు చూపులు

33 కేవీ ఫీడర్ మీద ఫాల్ట్ పడినప్పుడు రిలేలో నమోదైన తరంగాన్ని తెర మీద సాగదీసి చూడండి. కరెంటు గీత నున్నగా పైకి ఎక్కుతూ ఉంటుంది. శిఖరం అందబోయే చోట ఉన్నట్టుండి సున్నా దగ్గరకు కూలిపోతుంది. లైనులో కరెంటు ఏమీ తగ్గలేదు. సీటీ కోరు నిండిపోయింది, అంతే.

ఎందుకు నిండిందో ఒక లెక్కలో చూద్దాం. సీటీ 400/1, క్లాసు 5P20, బర్డెన్ 15 వీఏ. వైండింగు రెసిస్టెన్స్ 2 ఓములు, తీగలూ రిలే కలిపి మరో 1 ఓము అనుకుందాం. ఫాల్ట్ 8,000 ఆంపియర్లు, అంటే సెకండరీలో 20. దాన్ని 3 ఓముల గుండా నెట్టడానికి 60 వోల్టులు చాలు. ఈ సీటీ 340 వోల్టుల దాకా ఇవ్వగలదు. కాగితం మీద దాదాపు ఐదున్నర రెట్ల నిబ్బరం.

కానీ వోల్టేజి సున్నా దాటే క్షణంలో ఫాల్ట్ పడితే కరెంటు తరంగం మొత్తం ఒక పక్కకు ఒరిగి మొదలవుతుంది. ఆ ఒరుగే డీసీ ఆఫ్‌సెట్. X/R 15 ఉన్న చోట అది నెమ్మదిగా, సుమారు 48 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టెంట్‌తో తరుగుతుంది. ఏసీ వల్ల కోరులో ఫ్లక్స్ ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. డీసీ వల్ల ఎక్కిన ఫ్లక్స్ మాత్రం ప్రతి సైకిల్లోనూ పేరుకుంటూనే పోతుంది. ఏ దశలోనూ నిండకుండా ఉండాలంటే 1 + X/R, అంటే 16 రెట్ల నిబ్బరం కావాలి. మన దగ్గర ఉన్నది 5.67. కోరు శుభ్రంగా ఉంటే సుమారు 27 మిల్లీసెకన్లకు నిండుతుంది. వెనకటి ఫాల్ట్ తాలూకు రెమనెన్స్ అదే దిశలో 60 శాతం మిగిలి ఉంటే, సుమారు 9 మిల్లీసెకన్లకే!

ఇక రిలే ఏం చేయాలి? ఇన్‌స్టంటేనియస్ సెట్టింగ్ 12 ఆంపియర్లు అనుకుందాం. శిఖరాన్ని చూసి కొలిచే రిలేను డీసీయే మోసం చేస్తుంది. అవతలి సబ్‌స్టేషన్ దగ్గర పడిన ఫాల్ట్‌కు సెకండరీలో వచ్చేది 10 ఆంపియర్లే అయినా, ఒరిగిన తొలి శిఖరం 18 ఆంపియర్ల తరంగానికి ఉండేంత ఎత్తు లేస్తుంది. తనది కాని ఫాల్ట్‌కు రిలే ట్రిప్ ఇచ్చేస్తుంది.

ఆ తప్పుకు విరుగుడు కొసైన్ ఫిల్టరు. ఒక సైకిల్లో 16 శాంపిళ్లు తీసి, వాటిని కొసైన్ విలువలతో గుణించి కూడుతుంది. ఆ విలువలన్నీ కూడితే సున్నా కనుక, అన్ని శాంపిళ్లలో సమానంగా కలిసిన డీసీ కూడికలోనే తుడిచిపెట్టుకుపోతుంది. తరిగే డీసీ సమతలం కాదు, వాలు. ఆ వాలు వల్ల సైన్ విలువలతో చేసే కూడికలో చొరబడే తప్పు కొసైన్ కంటే సుమారు 5 రెట్లు. అందుకే ఈ ఫిల్టరు సైన్ జోలికే పోదు. పావు సైకిల్ కిందటి తన ఫలితాన్నే జోడీగా వాడుకుంటుంది. ఇంత పొదుపైన పనితనం నాకు రిలేల్లో మరెక్కడా కనిపించలేదు.

అయితే సీటీ నిండినప్పుడు ఈ నిక్కచ్చితనమే ఎదురుతిరుగుతుంది. మన 9 మిల్లీసెకన్ల ఉదాహరణలో కూలిన తరంగంలో మిగిలిన 50 హెర్ట్‌జ్ భాగం 12, 13 ఆంపియర్ల దగ్గర తచ్చాడుతుంది. ఉన్నది 20, రిలే తేల్చుకోలేకపోతున్నది 12 దగ్గర! కోరు కోలుకునే దాకా ట్రిప్ కొన్ని సైకిళ్లు వాయిదా పడవచ్చు. ఐడీఎంటీ ఎలిమెంటుకు ఈ నష్టం అంతగా తెలియదు, దాని లెక్క ఎలాగూ వందల మిల్లీసెకన్లలో ఉంటుంది.

ష్వైట్జర్ ఇంజినీరింగ్ లాబొరేటరీస్ వారి ఫీడర్ రిలేల్లో ఈ చిక్కును విడదీసిన తీరు ముచ్చటైనది. కొసైన్ ఫిల్టరు పక్కనే శిఖరాలు కొలిచే డిటెక్టరునూ ఉంచారు. తరంగంలో హార్మోనిక్ వికారం హద్దు దాటిందా, కొలత డిటెక్టరు చేతికి వెళుతుంది. అది పై శిఖరాన్నీ కింది శిఖరాన్నీ కలిపి సగటు తీస్తుంది. మన ఉదాహరణలో కోరు నిండేలోపు పైకి లేచింది 1.78 రెట్లు, తర్వాత కిందికి దిగింది 0.34 రెట్లు. సగటు 1.06, అంటే 21 ఆంపియర్లు. ఒక పక్క డీసీ కలిపినదాన్ని రెండో పక్క అదే తీసేసింది. నిజమైన విలువకు ఒక్క ఆంపియరే తేడా.

దీనికీ హద్దుంది. 100/1 సీటీని 20,000 ఆంపియర్ల బస్సు పక్కన బిగిస్తే తరంగం శిఖరం చేరకముందే కూలుతుంది, ఇక కొలవడానికి శిఖరమే ఉండదు. అక్కడ సీటీ మార్చాల్సిందే. మరో మాట: సెట్టింగ్ రేటెడ్ కరెంటుకు 8 రెట్లు దాటితేనే ఆ డిటెక్టరు రంగంలోకి దిగుతుంది. మన 12 దాటింది. మీ ఫీడరుది ఎంతో ఒకసారి చూసుకోండి.