తిరస్కరించలేకపోతే రుజువైనట్టా?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎకనమెట్రిక్స్ చదివే పిల్లలు తరచూ ఇలా రాస్తారు: "పీ విలువ 0.05 కన్నా ఎక్కువ, కాబట్టి సిరీస్‌లో యూనిట్ రూట్ ఉంది." లెక్క సరిగ్గానే చేస్తారు, ముగింపు దగ్గరే దారి తప్పుతారు.

దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కినవాళ్ల లెక్క 100 వారాలది మన దగ్గర ఉందనుకోండి. ఇక్కడి అంకెలు పాఠం కోసం వేసుకున్నవి. రోజువారీ లెక్కకు ఆదివారాల తగ్గుదల అడ్డొస్తుంది, అందుకే వారం లెక్క. ఒక వారం కుండపోత వానకు జనం తగ్గితే, సంఖ్య మెల్లగా పాత సగటుకు చేరుతుందా, ఆ దెబ్బ ఎప్పటికీ నిలిచిపోతుందా? నిలిచిపోతే యూనిట్ రూట్ ఉన్నట్టు. పరీక్ష మొదలయ్యేది అది ఉందన్న ఊహతోనే.

డికీ-ఫుల్లర్ పరీక్షలో ఈ వారం మార్పును కిందటి వారం స్థాయి మీద రిగ్రెస్ చేస్తాం. మిగిలిన దోషాల మధ్య సంబంధం పోయేదాకా పాత మార్పులనూ లాగ్‌లుగా చేరుస్తాం. గుణకం −0.10, ప్రామాణిక దోషం 0.045 వచ్చాయనుకుందాం. భాగిస్తే −2.22. దీన్ని మామూలు −1.96తో పోల్చకూడదు. యూనిట్ రూట్ ఉన్నప్పుడు ఈ నిష్పత్తి సహజంగానే ఎడమకు ఒరుగుతుంది కనుక, స్థిరపదం మాత్రమే ఉన్న నమూనాలో 100 పరిశీలనలకు 5 శాతం హద్దు −2.89. మనది అంతదాకా పోలేదు, తిరస్కరించలేం.

ఇప్పుడు ఆ −0.10నే చూడండి. అది నిజమైతే ప్రతి దెబ్బా ఆరేడు వారాల్లో సగానికి తగ్గిపోతుంది, అంటే సిరీస్ స్టేషనరీ. అలాంటి సిరీస్‌లు వందిస్తే, 100 పరిశీలనలతో ఈ పరీక్ష పట్టుకునేవి దాదాపు 33. తక్కిన 67 సార్లూ "తిరస్కరించలేం" అనే చెబుతుంది.

తిరస్కరించలేకపోవడానికి ఇంకో కారణం ఈ లైన్‌లోనే ఉంది. అమీర్‌పేట–ఎల్బీ నగర్ మార్గం 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. 2020 మార్చిలో కోవిడ్‌తో ఆగి, సెప్టెంబర్ 7న తిరిగి నడిచింది. ఆ విరామానికి ముందూ వెనకా ఉన్న లెక్కలను కలిపి పరీక్షిస్తే, సగటు ఒక్కసారి దిగడాన్ని పరీక్ష ఎన్నటికీ మానని దెబ్బగా చదువుతుంది. 1989లో పియెర్ పెరాన్ చూపింది ఇదే. నెల్సన్, ప్లాసర్ 1982లో పరీక్షించిన 14 అమెరికా సిరీస్‌లలో 13 తిరస్కరణకు లొంగలేదు. 1929 పతనాన్ని విరుపుగా లెక్కలోకి తీసుకున్నాక పెరాన్ ఆ 13లో 10 సిరీస్‌లలో యూనిట్ రూట్‌ను తిరస్కరించగలిగాడు. ఆ పద్ధతికి హద్దులు వేరు, విరుపు సిరీస్‌లో ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి మారతాయి. విరుపు తేదీ మనకు ముందే తెలుసు కాబట్టి ఇక్కడ దాన్ని వాడొచ్చు. మూసిన నెలల సున్నాలను మాత్రం మామూలు వారాల్లా కలపకండి.

నా విద్యార్థులను జవాబులో గుణకం, పరిశీలనల సంఖ్య, విరుపు తేదీ రాయమంటాను. ఆ తర్వాత, "ఈ 100 వారాలతో యూనిట్ రూట్‌నూ, మెల్లగా మానే దెబ్బనూ వేరుచేయలేకపోయాం" అని రాస్తే పూర్తి మార్కులు వేస్తాను.