పద్దెనిమిది వేలు ఎక్కడ?

జూన్ సగం గడిచేదాకా 26ఏఎస్ తెరవొద్దని మా ఇంట్లో ఉద్యోగాలు చేసే పిల్లలందరికీ చెబుతాను. జనవరి నుంచి మార్చి వరకు కోసిన పన్నుకు కంపెనీలు, బ్యాంకులు మే 31 లోపు త్రైమాసిక రిటర్ను వేస్తాయి. దాన్ని ఆదాయపు పన్ను శాఖ సరిచూశాకే ఆ మూడు నెలల వరుసలు మన స్టేట్‌మెంటులోకి వస్తాయి. తొందరపడి తెరిస్తే లేని తప్పు కనబడి కంగారు పుడుతుంది.

తెరిచాక చాలామంది ఫారం 16ను పక్కన పెట్టుకుని, రెండు మొత్తాలూ ఒకటేనని తృప్తిపడతారు. దాన్ని సరిచూడటం అనలేను. ఫారం 16లో పన్ను వివరాలుండే మొదటి భాగం కూడా కంపెనీ వేసిన అదే రిటర్ను నుంచి తయారవుతుంది. రిటర్నులో తప్పుంటే రెండింటిలోనూ అదే తప్పు ఉంటుంది, రెండూ చక్కగా సరిపోతాయి. పోల్చవలసింది వేరేచోట పుట్టిన కాగితంతో. జీతానికి అది నెలనెలా ఇచ్చే పే స్లిప్పు. వడ్డీకి బ్యాంకు తన పద్దుల నుంచి ఇచ్చే సర్టిఫికెట్.

మా మేనల్లుడి 2024-25 లెక్క ఇలాంటిదే. స్లిప్పుల్లో ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకు 6,000, మార్చిలో 9,500 కోశారు. మొత్తం 75,500. 26ఏఎస్‌లో 57,500 ఉంది, ఫారం 16లోనూ అంతే. తేడా 18,000. ఇలాంటప్పుడు నేను ముందు ఆ తేడా అంకెనే చూస్తాను. మూడు ఆరువేలు పద్దెనిమిది వేలు, అంటే ఒక త్రైమాసికం మొత్తం జారిపోయిందన్నమాట. వరుసలు దించి చూస్తే అక్టోబరు, నవంబరు, డిసెంబరు లేనేలేవు. ఆ నెలల జీతం కూడా లేదు.

వరుస ఉండి, దాని ఎదురుగా F బదులు U అని ఉంటే కథ వేరు. రిటర్నులో మన పేర చూపించారు గానీ కట్టిన చలానాతో అది జతపడలేదన్నమాట. వరుసే లేకపోతే రిటర్ను వేయలేదేమో, మన పాన్ తప్పుగా పడిందేమో అడగాలి. ఇక్కడ పాన్. అక్టోబరులో వాణ్ణి ఇంకో శాఖకు మార్చినప్పుడు వివరాలు మళ్లీ ఎక్కిస్తూ ఒక అంకె మార్చేశారు. జనవరిలో దిద్దుకున్నారు గానీ, అప్పటికే వేసిన రిటర్నును అలాగే వదిలేశారు. మన జీతంలోంచి కోసిన పన్నును మళ్లీ మన దగ్గర వసూలు చేయకూడదని ఆ ఏడాదికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలో 205వ సెక్షన్ చెబుతుంది. అయినా 75,500 అని రిటర్ను వేస్తే 26ఏఎస్‌లో ఉన్నంతకే జమ ఇచ్చి, మిగతాదానికి డిమాండ్ రావచ్చు. అప్పుడు స్లిప్పులు పట్టుకుని వాదించే కంటే, ముందే కంపెనీ చేత సవరణ రిటర్ను వేయించడం మేలు. ఆ పని కంపెనీయే చేయాలి, మనం చేయలేం. అందుకే ఏ త్రైమాసికమో, ఏ నెలకు ఎంతో రాసి, మూడు స్లిప్పులూ జతచేసి ఈమెయిల్ పెట్టమన్నాను. సవరణ వేశాక ఆ మూడు వరుసలూ F తో వచ్చాయి.

బ్యాంకు దగ్గర చిక్కు ఇంకో రకం. వాడికి మెచ్యూరిటీ దాకా వడ్డీ అసలులోనే కలిసే డిపాజిట్ ఒకటుంది. 26ఏఎస్‌లో వడ్డీ 57,200, పన్ను 5,720. పాస్‌బుక్కులో రూపాయి కూడా పడలేదు.

“డబ్బు చేతికి రాందే ఆదాయం ఎలా అవుతుంది మామయ్యా?” అన్నాడు. 5,720 జమ మాత్రం అడుగుదామనుకున్నాడు.

అలా కుదరదు. ఏ ఏడాది ఆదాయం చూపిస్తే దాని టీడీఎస్ ఆ ఏడాదికే దక్కుతుంది. బ్యాంకు ఏటా వడ్డీ లెక్కకట్టి పన్ను కోస్తోంది గనుక మనమూ ఏటా చూపించుకోవడమే హాయి. వడ్డీ అంతా మెచ్యూరిటీ ఏడాదికి దాచిపెడితే ఆదాయం ఒక ఏడాదిలో, పన్ను జమలు వెనకటి ఏళ్లలో పడి చిక్కుకుంటాయి. చూపించేది కూడా పన్ను పోను మిగిలిన 51,480 కాదు, సర్టిఫికెట్‌లో ఉన్న పూర్తి 57,200. కోసిన పన్ను కూడా మన ఆదాయంలో భాగమే. అందుకే నేను 26ఏఎస్‌లో పన్ను కాలమ్ కంటే ముందు, చెల్లించిన మొత్తం ఉండే కాలమ్‌ను సర్టిఫికెట్‌తో కలిపి చూస్తాను.

అదే సర్టిఫికెట్‌లో కింద సేవింగ్స్ ఖాతా వడ్డీ 3,150 ఉంది. సేవింగ్స్ వడ్డీ మీద బ్యాంకు పన్ను కోయదు, కాబట్టి 26ఏఎస్ టీడీఎస్ వరుసల్లో అది కనబడదు. ఆ కాగితం తెప్పించకపోతే వాడు దాన్ని రాసేవాడే కాదు. పాత పద్ధతి ఎంచుకుని ఉంటే ఈ వడ్డీలో 10,000 దాకా 80టీటీఏ కింద మినహాయింపు దొరికేది. వాడు కొత్త పద్ధతిలో ఉన్నాడు, అందుకే 3,150నీ ఆదాయంలో కలిపి రిటర్ను వేశాడు.