డాబా మీద గడ్డి మొలవదు

మా అక్క కొడుకు ఈ వారం ఫోన్ చేసి, హలో అని కూడా అనకుండా, "మావయ్యా, ఇవాళ 8.7 వచ్చింది. రేపు పొద్దున్నే తడి పెట్టేస్తున్నా" అన్నాడు. వాడికి ఉయ్యూరు పక్కన చెరకు ఉంది, ఫిబ్రవరిలో నాటిన మొక్క తోట. ఈమధ్య చిన్న వాతావరణ యంత్రం ఒకటి కొని ఇంటి డాబా మీద పైపు కట్టి నిలబెట్టాడు. అది రోజూ సాయంత్రం ఫోన్‌లో ET0 అని ఒక అంకె చూపిస్తుంది. ఆరు రోజులకో తడి అని పంచాంగంలా చదివే వాళ్ల మధ్య పెరిగిన కుర్రాడు ఆవిరి లెక్క కట్టి మోటారు వెయ్యాలనుకోవడం నాకు భలే నచ్చింది. 8.7 మాత్రం నచ్చలేదు.

ఆ అంకె చెప్పేది చెరకు సంగతి కాదు, గడ్డి సంగతి. అర జానెడు ఎత్తున, నేల కనపడకుండా ఒత్తుగా, నీటికి కొదవ లేకుండా పెరుగుతున్న పచ్చగడ్డి ఒక రోజులో ఎన్ని మిల్లీమీటర్ల నీటిని ఆవిరిగా వదులుతుందో అదే ET0. ఒక మిల్లీమీటరంటే ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైమాట. ఇంగ్లండులో పెన్‌మన్ 1948లో ఎండనూ గాలినీ ఒకే సమీకరణంలో కలిపాడు. మాంటీత్ 1965లో ఆకు రంధ్రాలు నీటిని ఎంత ఆపుతాయో అందులో చేర్చాడు. ఎఫ్‌ఏఓ 1998లో తెచ్చిన 56వ నంబరు పుస్తకం దాన్ని ప్రపంచమంతటికీ ఒకటే పద్ధతిగా స్థిరపరిచింది. ఎండ, వేడి, గాలిలో తేమ, గాలి వేగం, ఈ నాలుగూ ఇస్తే గడ్డి లెక్క వస్తుంది. అయితే ఆ నాలుగూ గడ్డి మీద కొలిచినవి కావాలి. కాలిపోయే శ్లాబు మీద గడ్డి ఎక్కడిది?

డాబా మీద పెట్టాడనగానే నాకు పాత తొట్టి గుర్తుకొచ్చింది. చదువుకునే రోజుల్లో ఒక వాతావరణ పరిశీలన కేంద్రానికి పొద్దున్నే వెళ్లి కూర్చునేవాణ్ణి. చెక్క పలకల మీద నాలుగడుగుల వ్యాసం, పది అంగుళాల లోతు ఉన్న గుండ్రటి రేకు తొట్టి, దాని మీద కాకులు తాగకుండా వైరు వల. లోపల చిన్న గొట్టంలో ఒక సూది పైకి చూస్తూ నిలబడి ఉండేది. నిన్న పొద్దున నీళ్లు సూది మొన దగ్గర ఉన్నాయి, ఇవాళ కాస్త దిగాయి. అక్కడి పెద్దాయన గీతలున్న కొలత పాత్రతో నీళ్లు పోస్తూ మొన మళ్లీ మునిగే క్షణం కోసం వంగి చూసేవాడు. ఆ పాత్ర అడ్డుకోత తొట్టిలో సరిగ్గా నూరో వంతు. పాత్రలో పది సెంటీమీటర్ల నీళ్లు ఖర్చయితే తొట్టిలో ఒక మిల్లీమీటరు ఆవిరైనట్టు. కంటికి ఆనని మిల్లీమీటరును అర జానెడు పొడుగు చేసి చూపించే ఆ ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఆ తొట్టి కూడా ఊరికే నిజం చెప్పదు. మన డెల్టాలో దాని చుట్టూ ఉన్నది ఆరు నెలలకోసారి మారిపోతుంది. సార్వాలో కనుచూపు మేర నీళ్లు నిలిచిన వరి, మే నెలలో అదే చోట నెర్రెలిచ్చిన బీడు. బీడు మీదుగా వచ్చే గాలి వేడెక్కి, పొడిబారి, తొట్టిలో నీటిని ఎక్కువగా లాగుతుంది. అందుకే గడ్డి లెక్క కావాలంటే తొట్టి అంకెను ఒక గుణకంతో గుణించాలి. మంద గాలి, మధ్యస్థ తేమ ఉన్న రోజుల్లో చుట్టూ కిలోమీటరు దాకా పచ్చగా ఉంటే ఆ గుణకం 0.85, కిలోమీటరు దాకా ఎండిన బీడైతే 0.6. తొట్టిలో అదే 10 మిల్లీమీటర్లు తగ్గినా ఒకప్పుడు 8.5 అని, ఇంకోప్పుడు 6 అని చదవాలి. పైగా ఆ కాకుల వల వల్ల పదో వంతు దాకా ఆవిరి తగ్గుతుంది. తొట్టి దగ్గర పనిచేసిన వాళ్లకు ఇదంతా చేతిలో పనిగా తెలుసు. తొట్టి పోయి తెల్ల ప్లాస్టిక్ యంత్రం వచ్చేసరికి చుట్టూ ఏముందని అడిగే అలవాటూ దాంతోపాటే పోయింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా గాలి గోల కొత్త కాదు. అయినా ఇంకోసారి. సమీకరణానికి కావలసింది రెండు మీటర్ల ఎత్తున వీచే గాలి. వాతావరణ సూచనలు చెప్పేది పది మీటర్ల ఎత్తు గాలి. పైగాలిని ముప్పావుకు తగ్గించి వాడాలి. మే నడుమ మన వైపు ఒక మామూలు రోజు తీసుకుందాం. పగలు 40 డిగ్రీలు, రాత్రి 28, తేమ తెల్లవారుజామున 80 శాతం, మధ్యాహ్నం 40, ఎండ ఎనిమిదిన్నర గంటలు, పది మీటర్ల ఎత్తున గాలి గంటకు 10 కిలోమీటర్లు. గాలిని తగ్గించి లెక్కిస్తే 6.8 మిల్లీమీటర్లు, మరిచిపోతే 7.4. ఇక మావాడి శ్లాబు మీది అంకెలు వేసి చూశాను. పగలు 43.5, రాత్రి 30, తేమ 65 నుంచి 25, గాలి తగ్గించకుండానే. వాడు చెప్పిన 8.7 దగ్గరికే వచ్చింది. యంత్రం లెక్క తప్పలేదు. దాన్ని నిలబెట్టిన చోటే తప్పు.

ఇలాంటి తేడాను పట్టుకోవడానికి కాగితం మీద చేసుకునే చిన్న లెక్క ఉంది. 1985లో హార్గ్రీవ్స్, సమానీ ఇచ్చిన సూత్రానికి ఉష్ణోగ్రతలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

```
ET0 = 0.0023 × (Tmean + 17.8) × √(Tmax − Tmin) × Ra
```

Ra అంటే మబ్బూ గాలీ అడ్డం లేకుండా ఆకాశం పైన పడే ఎండ. మన అక్షాంశానికి మే నడుమ అది రోజుకు 15.8 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేయగలిగినంత. 40, 28 వేస్తే 6.5 వస్తుంది. గాలి జోరుగా ఉంటే ఈ సూత్రం తక్కువ చెబుతుంది, తేమ ఎక్కువైతే ఎక్కువ చెబుతుంది. రోజువారీ తడికి దీన్నే నమ్ముకోమని చెప్పను. కానీ పక్క అంకె దీనికి రెండు మిల్లీమీటర్ల దూరంలో రోజూ కూర్చుంటే యంత్రం దగ్గరికి ఒకసారి నిచ్చెన ఎక్కి చూడాలి.

గడ్డి నుంచి చెరకుకు రావడానికి ఇంకో గుణకం. ETc = Kc × ET0. ఎఫ్‌ఏఓ పట్టికలో చెరకుకు మొదట్లో 0.4, తోట కమ్ముకున్నాక 1.25, కోతకు ముందు 0.75. ఏ దశ ఎన్ని రోజులో కూడా పట్టికలో ఉంది గానీ, అది పదమూడు పదహారు నెలల తోటలకు రాసింది. మన తోట ఏడాదికే ఫ్యాక్టరీకి వెళ్లిపోతుంది. అందుకని రోజులు లెక్కపెట్టకుండా మిట్టమధ్యాహ్నం బోదెలో నిలబడి నేల మీద నీడ ఎంతుందో చూడమని చెబుతాను. నేలంతా నీడైతే 1.25 వచ్చేసినట్టే. మావాడి తోటలో సగానికి కాస్త ఎక్కువే నీడ. 0.9 అనుకున్నాం. 6.8ని 0.9తో గుణిస్తే రోజుకు 6.1 మిల్లీమీటర్లు.

ఇప్పుడు నేల. మన నల్లరేగడి మీటరు లోతుకు 150 మిల్లీమీటర్ల దాకా మొక్కకు అందే నీరు పట్టుకుంటుంది. ఈ వయసు తోటకు వేరు పని చేసేది రెండడుగులు అనుకుంటే 90. అందులో పదింట ఆరు వంతులు, అంటే 54 మిల్లీమీటర్లు, తోట ఇబ్బంది పడకుండా తాగుతుంది. 54ని 6.1తో భాగిస్తే దాదాపు తొమ్మిది రోజులు. డాబా అంకె వేస్తే ఏడు రోజులు కూడా నిండవు. "అంటే మన పెద్దాళ్ల ఆరు రోజులే కరెక్టన్నమాట" అన్నాడు మావాడు. తప్పు యంత్రం పాత అలవాటుకు సాక్ష్యం పలికింది!

ఆరు రోజుల తడిలో నష్టం ఎక్కడుందో చూడండి. ఆరు రోజులకు తోట తాగింది 37 మిల్లీమీటర్లు. బోదెల్లో నీళ్లు వదిలితే చివరిదాకా పారేసరికి 60 దాటుతుంది, అంతకంటే తక్కువ పెట్టడం ఎవరి వల్లా కాదు. మిగిలింది వేరు దాటి కిందికి దిగుతుంది, వేసిన యూరియాలో కొంత తీసుకుని మరీ. కాలవలు కట్టేసిన ఈ రోజుల్లో ఆ నీళ్లన్నీ ఫిల్టర్ పాయింట్లవి. ఉచిత కరెంటు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు. అలాగని తొమ్మిది రోజులను పన్నెండు చేస్తే రేగడి నెర్రెలు విచ్చుతుంది. అప్పుడు పెట్టిన తడి బోదె వెంట పారకుండా నెర్రెల్లోకే పోతుంది.

మావాడు ఆ తడి ఆపాడు. ముందటి తడి నుంచి తొమ్మిదో రోజు పొద్దున ఇద్దరం గునపం పట్టుకుని చేలోకి వెళ్లాం. లెక్క ప్రకారం రెండడుగుల్లో మట్టి ఉండ కట్టీ కట్టకుండా ఉండాలి. పై జానెడు అలాగే ఉంది. అడుగున్నర దగ్గర తీసిన మట్టి వేళ్ల మధ్య రిబ్బనులా సాగింది. ఆకులు మధ్యాహ్నం కాస్త చుట్టుకున్నా సాయంత్రానికి విచ్చుకుంటున్నాయట. తోట దాహంతో లేదు. నా 6.8 కూడా ఎక్కువే చెప్పిందా? ఆవిరి లెక్కలో రెండు మిల్లీమీటర్లు ఎలాగూ పట్టుకున్నాం, ఇంకా అక్కడే వెతకడం దండగ. తేడా కిందనుంచి వస్తోంది.

ఎఫ్‌ఏఓ పుస్తకంలోనే ఒక మాట ఉంది. వేరు అడుగు నుంచి భూగర్భ జలం మీటరు కంటే కింద ఉంటేనే కిందనుంచి ఎక్కే నీటిని సున్నా అనుకోవచ్చు. మనకు వేరు రెండడుగులు, దాని కింద ఇంకో మీటరు, మొత్తం అయిదడుగుల పైచిలుకు. డెల్టాలో నీళ్లు అంతకంటే పైనే ఉండే చేలు ఎన్నో. అలాంటి చేలో తోట తాగే దాంట్లో కొంత కిందనుంచి వస్తుంది, అది ఏ యంత్రం అంకెలోనూ కనపడదు. ఇన్నాళ్లూ ఈ కాలమ్‌లో గాలి ఎత్తు గురించి, తేమ గురించి వాదించినదంతా మెట్ట ప్రాంతాల్లో ప్రాణం లాంటిది. మన దగ్గర మాత్రం దానికి రెండో స్థానమే.

మావాడికి యంత్రం దించమని చెప్పలేదు. ముందు ఎనిమిదడుగుల పీవీసీ పైపు కొనమన్నాను. కింది సగానికి చిల్లులు కొట్టి, గుడ్డ చుట్టి, చేను మధ్య నిలువుగా పాతమన్నాను. రాయి కట్టిన తాడు దించితే నీళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. అయిదున్నర అడుగుల కంటే లోతైతే ఆవిరి లెక్కను అక్షరాలా నమ్మొచ్చు. పైకి వచ్చేకొద్దీ లెక్క చెప్పిన రోజు కూడా గునపం వేసి చూశాకే మోటారు వెయ్యాలి. ఇప్పుడు చుట్టుపక్కల మోటార్లన్నీ తోడుతున్నాయి కాబట్టి నీళ్లు కిందనే ఉంటాయి. కాలవలు వదిలి నారుమళ్లు తడిశాక ఆ పైపులో నీళ్లు వారం వారం ఎక్కుతాయి. ఆగస్టులో చుట్టూ వరి చేలల్లో నీళ్లు నిలిచాక ఫోన్‌లో ET0 ఎంత చూపించినా అనవసరం. అప్పుడు వాడు చూసుకోవలసింది తడి కాదు, మురుక్కాలవ పూడిక. అది ఎవరి గట్టున ఉందో, ఎవరు తియ్యాలో అన్న తగువు ఇంకోవారం.