అరవై ఇటుకల లెక్క

పాతబస్తీలో సంతోష్‌నగర్ దగ్గర, పిసల్‌బండలోని పైగా సమాధుల జాలీలను చూసి ‘ఇదీ ఒక కళేనా’ అని ఎవరూ అడగరు. నిజానికి అక్కడ ఉన్నవి కూడా కోణాలూ గీతలే, ఒకే రూపం పదేపదే వస్తుంది. అమెరికన్ శిల్పి కార్ల్ ఆండ్రే 1966లో నేల మీద పేర్చిన ఇటుకల ఫొటో చూపిస్తే మాత్రం అదే మనిషి నవ్వుతాడు. ఈ నవ్వులో అన్యాయమేమీ లేదు. జాలీకి మూడు అండలున్నాయి. గాలినీ వెలుతురునూ లోపలికి రానివ్వడం దాని పని. దాని వెనుక పనివాడి చేతి శ్రమ ఉంది. చుట్టూ కమాను, కట్టడం ఉండి, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెబుతాయి. ఆండ్రే లాంటి మినిమలిస్టులు ఈ మూడింటినీ కావాలనే తీసేశారు. అవి పోయాక చూడటానికి ఏం మిగిలింది అన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు వెతికినవాళ్లలో ముఖ్యుడు కళాకారుడు డొనాల్డ్ జడ్. 1965లో అచ్చయిన ‘స్పెసిఫిక్ ఆబ్జెక్ట్స్’ వ్యాసంలో ఆయన వాదన స్థూలంగా ఇది: పాత చిత్రకళలో పెద్ద ఆకారానికి ఎదురుగా చిన్నది, ముదురు రంగుకు పక్కన లేతది పెట్టి చిత్రకారుడు తూకం కుదురుస్తాడు. మన చూపు ఆ తూకాన్ని మెచ్చుకోవడంలోనే పడిపోతుంది, ఎదురుగా ఉన్న వస్తువు పక్కకు పోతుంది. ముఖ్యమైన భాగం, అప్రధానమైన భాగం అనే తేడానే లేకపోతే? ఒకే పెట్టె, దాని మీద మరొకటి, ఆపై ఇంకొకటి. జడ్ గోడకు నిలువుగా బిగించిన లోహపు పెట్టెల్లో చాలావాటి ఎత్తు 9 అంగుళాలు, మధ్య ఖాళీ కూడా 9 అంగుళాలే. ఏ పెట్టె దగ్గరా చూపు ఆగిపోనక్కర్లేదు. కనుక ఆ ఖాళీ కూడా పెట్టెతో సమానంగా లెక్కలోకి వస్తుంది. లోహం మెరుపు, గోడ మీద పడే నీడ, మనం పక్కకు జరిగితే మారే అంచు కనబడతాయి. ఆ పెట్టెలను ఆయన రేకుల పని చేసే కార్ఖానాలోనే చేయించాడు. చేతి గుర్తు ఉంటే చూపు మళ్లీ పనితనం మీదికే పోతుంది కదా.

ఆండ్రే ఇటుకలు ఈ వాదాన్ని ఇంకా కఠినంగా పరీక్షిస్తాయి. ‘ఈక్వివలెంట్’ అని పేరు పెట్టిన ఆ వరుసలో ఎనిమిది శిల్పాలున్నాయి. ఒక్కోదానిలో 120 ఇటుకలు, రెండు పొరలు, అంటే పొరకు 60. అరవైని 3×20, 4×15, 5×12, 6×10గా పేర్చవచ్చు. ఇటుకను పొడవుగా పెట్టవచ్చు, అడ్డంగా పెట్టవచ్చు. అలా నాలుగు రెళ్లు ఎనిమిది. ఇటుక సుమారు 9 అంగుళాల పొడవు, దానిలో సగం వెడల్పు అనుకోండి. 3×20ని ఇటుకల పొడవు వెంట పేరిస్తే 15 అడుగుల సన్నని పట్టీ వస్తుంది. 5×12ని ఇటుకలు అడ్డంగా తిప్పి పేరిస్తే దాదాపు చతురస్రం. బరువు అంతే, ఎత్తు అంతే, నేల మీద ఆక్రమించిన చోటూ అంతే. అయినా ఒకటి మన నడకకు అడ్డుపడే గీతలా ఉంటుంది, మరొకటి గదిలో స్థిరపడిన దిమ్మెలా ఉంటుంది. ఇందులో మార్చి చూడటానికి వీలైన నిర్ణయాలు ఎక్కువ లేవు, కానీ ఉన్నవి గట్టివి. పొరకు ఒక్క ఇటుక తగ్గించి 59 చేయండి. అది ప్రధాన సంఖ్య, ఒకే పొడవైన వరుస తప్ప మరే దీర్ఘచతురస్రమూ రాదు. ఎనిమిది శిల్పాల వరుస మొత్తం కుప్పకూలుతుంది.

‘ఇది మా ఇంటి మేస్త్రీ కూడా చేస్తాడు’ అంటారు. చేస్తాడు, ఇంకా చక్కగా పేరుస్తాడు. కానీ మినిమలిస్టులు తమ చేతి నైపుణ్యాన్ని అడ్డుపెట్టి వాదించలేదు, కనుక ఆ దెబ్బ వాళ్లకు తగలదు. తగిలే విమర్శ కళా విమర్శకుడు మైకేల్ ఫ్రీడ్ 1967లో చేశాడు. ఇవి తమంతట తాము నిలవవు, చూసేవాడు గదిలోకి వచ్చి అటూ ఇటూ తిరిగితేనే పని చేస్తాయి, ఇది నాటకపు లక్షణం, శిల్పానిది కాదు అన్నాడు. వర్ణన సరిగ్గానే ఉందని నా అభిప్రాయం, తీర్పుతోనే పేచీ. చూసేవాడి కదలిక కలిస్తేనే పూర్తయ్యే పనిని కళ కాదని ముందే తేల్చేయడానికి ఆయన చూపిన కారణం చాలదు.

నిజమైన బలహీనత వేరే చోట ఉంది. లండన్‌లోని టేట్ మ్యూజియం 1972లో ఈ వరుస నుంచి ఎనిమిదో శిల్పాన్ని, 6×10 పేర్పును, ఒక్కదాన్నే కొన్నది. 1976లో బ్రిటిష్ పత్రికలు ఇటుకలకు ప్రజల సొమ్మా అని గోలపెట్టాయి. గోల పెట్టినవాళ్ల కళ్లెదుట మిగతా ఏడు శిల్పాలూ లేవు. సమానమైనది అని పేరున్న శిల్పం, దేనితో సమానమో చూపించే తోడు లేకుండా ఒంటరిగా గదిలో పడుంది. ఆ స్థితిలో అది ఇటుకల దిమ్మెలా కనబడితే తప్పు చూసినవాడిది కాదు.