మనమా, మేమా

ఓ మనమా, నీకు దండం. ఎదుటి మనిషిని చెయ్యిపట్టి లోపలికి పిలుచుకునే మాటవి. ఓ మేమా, నీకూ దండమే. వినేవాళ్లను గడప అవతలే ఉంచి, మా పని మాదేనని పూచీ పడే మాటవి. ఇంగ్లీషు మీ ఇద్దరినీ ఒక్క 'వీ'లో కలిపేసింది. మిమ్మల్ని మళ్లీ విడదీసే పని అనువాదకుడిది. అతను మొదట చూడాల్సింది మాట్లాడేవాళ్లను కాదు, వింటున్నవాళ్లను.

ఇంగ్లీషు కథలో ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ బయటికొచ్చి పేషెంటు కొడుకుతో మూడు వాక్యాలు చెప్పింది. మూడూ 'వీ'తోనే మొదలు. మొదటిది, "మేం చేయగలిగిందంతా చేశాం." కత్తి పట్టింది వాళ్లు, కొడుకు బయట బెంచీ మీదున్నాడు. ఇక్కడ మనం అంటే అబద్ధం. రెండోది, ఒక నిర్ణయానికి రావాలని. ఎవరు రావాలి? ఆ వాక్యంలో జవాబు లేదు, తర్వాతి వాక్యంలో ఉంది. ఆమె కాగితం చాచి సంతకం అడిగితే మనం. లోపల డాక్టర్లు మాట్లాడుకుని చెబుతామంటే మేం. మూడోది, "అమ్మ మనకు దక్కకపోవచ్చు." ఇక్కడ మాకు అంటే ఆ తల్లి ఆసుపత్రి వాళ్ల సొత్తయిపోతుంది, కొడుకు పరాయివాడవుతాడు. ఒక్క గుక్కలో చెప్పిన మాటలైనా, 'వీ'కి 'వీ'కి మధ్య ఆగి చూడాల్సిందే.

దయగల మాటలు మీరు, అనువాదకుణ్ణి దాక్కోనిస్తారు కూడా. చేశాం, వస్తాం, చూశాం: క్రియ చివర మీ ఇద్దరికీ ఒకటే. తేలని చోట సర్వనామం వదిలేస్తే వాక్యం హాయిగా నిలబడుతుంది. కానీ 'మా ఊరు', 'మన ఊరు' దగ్గరికొచ్చేసరికి ఆ చాటు ఉండదు, తేల్చి తీరాలి.

చర్చిలో అందరూ కలిసి దేవుణ్ణి "మా తండ్రీ" అని పిలుస్తారు. వినేది ఆయన, ఆయన ఆ బిడ్డల్లో ఒకడు కాడు. పాస్టరుగారు అదే జనం వైపు తిరిగి మాట్లాడితే "మన తండ్రి" అంటారు. ఆ మనుషులే, ఆ తండ్రే, మొహం తిరిగిన వైపే మారింది. నాకు మీమీద ఇంత భక్తి కలగడానికి ఇదొక్కటి చాలు.

క్రియ చివర మీ ఇద్దరికీ ఒకటే అన్నాను గానీ, 'వెళ్దాం' మాత్రం ఎప్పుడూ మనమే, మేముతో పొసగదు. మరి "మేం తిరుపతి వెళ్దామనుకుంటున్నాం" అంటామే! తప్పేం కాదు. వాళ్లింట్లో భోజనాల దగ్గర ఒకరితో ఒకరు "వెళ్దాం" అనుకున్నారు, అప్పుడది మనం. ఆ మాటను అలాగే పట్టుకొచ్చి పక్కింటివాళ్లకు చెబుతున్నారు, ఇప్పుడు వాళ్లు మేం.