కిటికీ కింద ఇద్దరు

1909లో పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసిన టారో పేకలో 78 కార్డులు. కొత్తగా నేర్చుకునేవారు పుస్తకంలోని అర్థాలు బట్టీపడతారు: ‘ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్’ అంటే పేదరికం, నష్టం. చేయితిరిగిన రీడర్ చూపు బొమ్మ మీదే నిలుస్తుంది. మంచులో చిరుగుల బట్టలతో ఇద్దరు నడుస్తున్నారు, ఒకరికి ఊతకర్రలు. పక్కనే వెలుగుతున్న చర్చి కిటికీ; తలుపు మాత్రం కనిపించదు. ఉద్యోగం పోయినవారి ముందు ఈ కార్డు పరిచి, వారి మాటలు వినీ వినీ, ఆ రీడర్‌కు అది ‘అడగని సాయం’గా మారింది. అందుకే డబ్బు ఊసెత్తకుండా, “ఇంట్లో ఎవరికైనా చెప్పారా?” అని అడుగుతుంది. ఆ నేర్పు నాకెంతో ఇష్టం. అయితే తన అర్థాన్ని బొమ్మలో వేలుపెట్టి చూపలేకపోతే, అది ఎదుటివారి ముఖం చదివి చెప్పిన ఊహే. మంచి రీడర్ అప్పుడు మళ్లీ పుస్తకం తెరుస్తుంది.